నల్లబడ్డ ఉత్తరం గోడ: సైనిక్‌పురిలో ఒక ఇంటి రీపెయింటింగ్ కేసు

ఆగస్టులో, వాన కాస్త తెరిపి ఇచ్చిన రోజున ఒక రిటైర్డ్ రైల్వే ఉద్యోగి ఫోన్ చేశారు. ఇల్లు హైదరాబాద్ సైనిక్‌పురిలో, 200 గజాల స్థలంలో గ్రౌండ్ ప్లస్ వన్. పెయింట్ వేయించి మూడేళ్లు కూడా కాలేదట, ఉత్తరం గోడ నల్లగా అయిపోయిందట. "బాబూ, పోయినసారి మంచి కంపెనీ పెయింటే వేయించాను. ఈసారి ఇంకా ఖరీదైనది వేద్దామా?" అని అడిగారు. పెయింట్ సంగతి తర్వాత చూద్దాం, ముందు గోడ చూస్తాను సార్ అని వెళ్లాను.

ఆ గోడ పొడవు 40 అడుగులు. పిట్టగోడతో కలిపి ఎత్తు 25 అడుగులు. కిటికీలు తీసేస్తే దాదాపు 920 చదరపు అడుగుల పని. పక్కింటికీ దీనికీ మధ్య ఐదడుగుల సందు. ఆ సందు చివర పక్కింటివాళ్ల మామిడి చెట్టు కొమ్మలు ఇటు వంగి ఉన్నాయి. గాలి ఆడదు, ఎండ రాదు. మిగతా మూడు గోడలూ దుమ్ము పట్టి వెలిశాయి గానీ నల్లబడలేదు. కాబట్టి ఈ కేసంతా ఆ ఒక్క గోడదే.

గోడ నల్లబడితే నేను మొదట చూసేది రంగును కాదు, ఆ నలుపు ఏ ఆకారంలో ఉందో చూస్తాను. ఇక్కడ మూడు ఆకారాలు కనిపించాయి. పిట్టగోడ పైఅంచు నుంచి నాలుకల్లా కిందికి సాగిన నల్ల చారలు ఒకటి. సజ్జల రెండు మూలల కింద గుండ్రటి మచ్చలు రెండోది. నేల దగ్గర రెండడుగుల ఎత్తు దాకా పచ్చటి పాచి మూడోది. చార ఎక్కడ మొదలైతే నీరు అక్కడి నుంచి వస్తున్నట్టు. పెయింట్ పాడై నలుపు వస్తే గోడంతా ఒకేలా వస్తుంది, ఇలా చారలు కట్టదు.

అది పాచో, ఫంగసో, ఉత్త మసో కంటికి తెలియదు. తడి మీద పచ్చగా ఉన్న పాచి కూడా ఎండితే నల్లగానే కనిపిస్తుంది. దీనికి ఒక చిన్న పరీక్ష ఉంది. సోడియం హైపోక్లోరైట్‌లో దూది ముంచి మచ్చ మీద రెండు నిమిషాలు అదిమి పట్టాలి. 2020లో కరోనా టైంలో వీధుల్లో చల్లిన మందే అది, మావాళ్లు హైపో అంటారు. దూది తీశాక మచ్చ వెలిసిపోతే అది పాచి లేదా ఫంగస్. మారకుండా అలాగే ఉంటే దుమ్మో, పొగ మసో, తుప్పో. ఆ గోడ మీద ఏడు చోట్ల పెట్టి చూశాను. ఆరు చోట్ల దూది కింద తెల్లటి చంద్రవంకలు పడ్డాయి. ఏసీ స్టాండ్ కింద ఉన్న ఏడోది కదల్లేదు. అది తుప్పు.

తర్వాత డాబా ఎక్కాను. పిట్టగోడ పైభాగం వాలు బయటి వైపుకు ఉంది. వాన పడిన ప్రతిసారీ దాని మీద పేరుకున్న దుమ్ము, మామిడాకుల రసం అన్నీ ఈ గోడ మీదుగానే దిగుతున్నాయి. దానికితోడు ట్యాంక్ ఓవర్‌ఫ్లో పైపు పిట్టగోడ అంచు దగ్గరే తెగి ఉంది. నల్లా నీళ్లు వచ్చిన రోజు మోటార్ వేసి మర్చిపోతే నీళ్లు గోడ మీదకే. అమ్మగారు పక్కనే నిలబడి సార్ వైపు చూశారు. సార్ మామిడి చెట్టు వైపు చూశారు.

సజ్జల అడుగున నీటి గాడి లేదు. అంచు దగ్గర అడుగున చిన్న గాడి ఉంటే నీటి చుక్క అక్కడే ఆగి కింద పడిపోతుంది. లేకపోతే సజ్జ అడుగును పట్టుకుని పాకుతూ గోడదాకా వస్తుంది. ఆ గుండ్రటి మచ్చలకు కారణం అదే.

ఇక పగుళ్లు. కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పోయినవి నాలుగు ఉన్నాయి, మిల్లీమీటర్ లోపు వెడల్పు. గోడ మధ్యలో సాలెగూడులా అల్లుకున్న వెంట్రుక పగుళ్లు చాలా ఉన్నాయి. ప్లాస్టరింగ్‌కు నీళ్లు సరిగా పట్టకపోతేనో, సిమెంట్ ఎక్కువైతేనో వచ్చేవి ఇవి. ఇవి కాకుండా మొదటి అంతస్తు బీమ్ కింద, బీమ్‌కూ ఇటుక గోడకూ మధ్య, 40 అడుగులూ గీత గీసినట్టు ఒకే పగులు. కాంక్రీటు, ఇటుక ఎండకు ఒకేలా సాగవు. ఆ కలయిక మీద ప్లాస్టరింగ్ చేసేటప్పుడు జాలీ వేయకపోతే ఇలాంటి గీత కనబడుతుంది.

పగులు కదులుతోందా, ఆగిపోయిందా అన్నది తేలకుండా మందు ఎంచుకోలేం. వానాకాలంలో ఎలాగూ పెయింట్ వేయం కాబట్టి ఆ సమయాన్ని దీనికి వాడుకున్నాను. సర్జికల్ షాపులో దొరికే మైక్రోస్కోప్ గాజు స్లైడ్‌లు ఆరు కొని, పగులుకు అడ్డంగా రెండు చివర్లా ఎపాక్సీ పుట్టీతో అతికించాను. బీమ్ గీత మీద మూడు, కిటికీ మూలల దగ్గర మూడు. పక్కన పెన్సిల్‌తో తేదీ రాశాను. నవంబర్ మొదటి వారంలో వెళ్లి చూస్తే బీమ్ మీది మూడింట్లో రెండు విరిగాయి. కిటికీల దగ్గరవి మూడూ బాగానే ఉన్నాయి. అంటే బీమ్ గీత కదులుతోంది, దానికి గట్టి మందు పనికిరాదు.

పెయింట్ డబ్బా తెరవకముందే నీటి పని పూర్తి చేశాం. పిట్టగోడ పైన పాత ప్లాస్టర్ కొట్టి, వాలు డాబా వైపుకు తిప్పి, ఒక పాలు సిమెంట్‌కు నాలుగు పాళ్లు ఇసుక కలిపిన మాల్‌తో మళ్లీ వేసి వారం రోజులు తడిపాం. సజ్జల అంచున అడుగు భాగంలో సన్నటి పీవీసీ ఎల్-పట్టీని సీలెంట్‌తో అతికించాం. పాత సజ్జకు గాడి కోస్తే లోపలి ఇనుము దగ్గరకు వెళ్లే ప్రమాదం ఉంది. పట్టీ అదే పని చేస్తుంది, సజ్జ చెక్కు చెదరదు. ఓవర్‌ఫ్లో పైపును డాబా మీదకు తిప్పి, ట్యాంకులో ఫ్లోట్ వాల్వ్ పెట్టించాం. మొత్తం ఖర్చులో ఇది చిన్న భాగమే. కానీ కొటేషన్‌లో దీన్ని చూసి 'పెయింటింగ్‌కు ఇవన్నీ ఎందుకు' అని చాలామంది కొట్టేయమంటారు. ఈ సార్ అనలేదు, అమ్మగారు అననివ్వలేదు.

తర్వాత శుభ్రం చేయడం. పాచిని పొడిగా ఉన్నప్పుడే వైర్ బ్రష్‌తో గీకడం చాలామంది చేసే పని. పొడి బీజాలు లేచి పక్క గోడ మీద, పనివాళ్ల ముక్కుల్లో పడతాయి. గీకాక కూడా వేళ్లు పెయింట్ రంధ్రాల్లోనే ఉంటాయి, పైన వేసిన కొత్త పెయింట్ అడుగు నుంచి మళ్లీ వస్తాయి. అందుకే ముందు చంపాలి, తర్వాత గీకాలి. షాపులో దొరికే నాలుగైదు శాతం హైపోను ఒకటికి మూడు పాళ్లు నీళ్లలో కలిపాం. డబ్బా పాతదైతే దాని బలం సగానికి పడిపోతుంది, తయారీ తేదీ చూసి కొనాలి. తోటకు వాడే స్ప్రేయర్‌తో కింది నుంచి పైకి కొట్టాం. పై నుంచి కొడితే మందు చారలుగా దిగి, పొడి గోడ మీద ఆ చారలే ముందు తెల్లబడి మరకలా ఉండిపోతాయి. ఒక్కో విడతకు 20 లీటర్ల ద్రావణం పట్టింది. అరగంట తడిగా ఉంచి, నైలాన్ బ్రష్‌తో రుద్ది, నీళ్లతో కడిగాం. నల్ల చారల దగ్గర రెండో విడత కూడా కావలసి వచ్చింది. మామిడి కొమ్మలకూ కింద కుండీలకూ ముందే నీళ్లు పోసి టార్పాలిన్ కప్పాం.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. రెండో విడత కలుపుతుంటే మా కుర్రాడు టైల్స్ కడిగే యాసిడ్ సీసా పట్టుకొచ్చాడు. "ఏం కాదన్నా, రెండు కలిపితే జల్ది పోతది" అన్నాడు. మూత తీసి బకెట్ మీదకు వంచబోతుండగా చేయి పట్టుకున్నాను. హైపోలో యాసిడ్ పడితే క్లోరిన్ వాయువు వస్తుంది. ఐదడుగుల సందులో, గాలి కదలని చోట, పరంజా మీద ఉన్న మనిషి దిగేలోపే ఊపిరితిత్తులు కాలిపోతాయి. ఆ సీసాను అప్పటికప్పుడు నా బండి డిక్కీలో పెట్టి తాళం వేశాను. అప్పటినుంచి పని మొదలుపెట్టే రోజున సైట్‌లో యాసిడ్ ఉందా అని నేనే వెతుకుతాను.

కడిగాక ప్రెషర్ వాషర్ వాడాం. అడుగు దూరం నుంచి, పగుళ్లలోకి నేరుగా కొట్టకుండా. దగ్గరగా పెడితే ప్లాస్టర్ లేచిపోతుంది, పగుల్లోకి తోసిన నీరు వారం దాకా బయటకు రాదు. లేచిన పాత పెయింట్‌ను పిట్టగోడ కింద మూడడుగుల దాకా పూర్తిగా గీకేశాం. మిగతా చోట కత్తితో గళ్లు గీసి, టేప్ అంటించి లాగి చూశాం. పెయింట్ టేపుతో రాలేదు కాబట్టి అక్కడ వదిలేశాం. గోడ ఆరాక ఫంగస్‌ను చంపే వాష్ ఒక కోటు వేసి, కడగకుండా ఒక రోజు వదిలాం. హైపో ఉన్నదాన్ని చంపుతుంది గానీ గోడలో మిగలదు. ఈ వాష్ మిగులుతుంది.

హైదరాబాద్‌లో ఉత్తరం గోడతో ఒక తిరకాసు ఉంది. పెయింటింగ్‌కు మంచి కాలం వానలు ఆగాక, నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా. కానీ సెప్టెంబర్ చివరి నుంచి మార్చి మూడో వారం దాకా సూర్యుడు దక్షిణం వైపే తిరుగుతాడు, ఉత్తరం గోడ మీద నేరుగా ఎండ పడదు. అంటే బాగా ఆరాల్సిన గోడే ఈ కాలంలో అన్నిటికన్నా నెమ్మదిగా ఆరుతుంది. ముందు వైపు గోడ రెండు రోజుల్లో సిద్ధమైంది. ఉత్తరం గోడకు వారం ఇచ్చాం.

ఆరిందని చేత్తో తడిమి చెప్పలేం. అడుగున్నర చదరం పాలిథిన్ కవర్‌ను నాలుగు అంచులా టేప్ వేసి గోడకు అంటించి, మర్నాడు చూడాలి. లోపలి వైపు చెమట పడితే గోడలో నీరున్నట్టు. ఐదు చోట్ల అంటించాం. నాలుగు పొడిగా ఉన్నాయి. మొదటి అంతస్తు బాత్రూమ్ బయటి వైపు అంటించిన దానిలో మాత్రం చిన్న చిన్న చుక్కలు. ఆ చోట హైపో తగలకముందు కూడా గోడ కొంచెం ముదురుగా ఉందని అప్పుడు గుర్తొచ్చింది. ఆ బాత్రూమ్‌కు వచ్చే వాల్వ్ మూడు రోజులు కట్టేసి, మళ్లీ పాలిథిన్ పెడితే చుక్కలు తగ్గాయి. ప్లంబర్‌ను పిలిస్తే టైల్ వెనుక ఎల్బో జాయింట్ కారుతోందని తేలింది. రిపేరయ్యాక ఆ ఆరడుగుల ముక్కను ఇంకో రెండు వారాలు ఖాళీగా వదిలేశాం. లోపల నీరుండగా పైన మందమైన కోటింగ్ వేస్తే, ఆ నీరు ఎండకు ఆవిరై కోటింగ్‌ను బుడగలా లేపుతుంది. వాటర్‌ప్రూఫ్ పెయింట్ బయటి వాన నీటిని ఆపుతుంది. లోపలి పైపు నీటికి అది మందు కాదు.

పగుళ్ల దగ్గరికి వద్దాం. కిటికీ మూలల్లోని పగుళ్లను లప్పం పట్టీ మూలతో మూడు నాలుగు మిల్లీమీటర్లు వెడల్పు చేసి, వీ ఆకారంలో గీకి, దుమ్ము బ్రష్‌తో తీసి, ప్రైమర్ తాగించాం. తర్వాత అక్రిలిక్ క్రాక్ ఫిల్లర్‌ను లోపలికి నొక్కుతూ నింపాం. ఆరాక అది కుంగుతుంది, అందుకే మర్నాడు రెండోసారి నింపి చదును చేశాం. ఇక్కడ మామూలు లప్పం, అంటే తెల్ల సిమెంట్ పుట్టీ పెట్టి సాఫ్ చేసేవాళ్లు చాలామంది. అది గట్టిది, సాగదు. గోడ వెంట్రుకంత కదిలినా పక్క నుంచి విడిపోతుంది. పాత పని చూస్తే ఆ నాలుగు పగుళ్లలోనూ అదే లప్పం పెంకుల్లా లేచి ఉంది.

బీమ్ గీతకు వేరే పని. గ్రైండర్‌తో 10 మిల్లీమీటర్ల వెడల్పు గాడి తీశాం. గాడి అడుగున సీలెంట్ అంటని పాలిథిన్ టేప్ పరిచి, పైన పాలీయురేతేన్ సీలెంట్ ఐదు మిల్లీమీటర్ల మందాన నింపాం. టేప్ ఎందుకంటే సీలెంట్ రెండు పక్కలకు మాత్రమే అంటాలి, అడుగుకు అంటకూడదు. మూడు వైపులా అంటుకుంటే గోడ కదిలినప్పుడు సాగడానికి దానికి చోటు ఉండదు, చిరుగుతుంది. సిలికాన్ సీలెంట్ వాడొద్దు, దాని మీద పెయింట్ నిలవదు. నాలుగు రోజులు ఆగాక, దాని మీద నాలుగంగుళాల ఫైబర్ జాలీని సాగే కోటింగ్‌లో పొదిగి వేశాం. నలభై అడుగుల ఈ ఒక్క గీతకే ఇద్దరికి ఒక పూర్తి రోజు పట్టింది.

సాలెగూడు పగుళ్లను మాత్రం ముట్టుకోలేదు. అవి నింపడానికి వీల్లేనంత సన్నవి, వాటిని కోటింగే కప్పాలి. అసలు లెక్క అక్కడే ఉంది.

పాత పనిలో ఈ గోడకు ఎంత పెయింట్ అయిందని సార్‌ను అడిగాను. పది లీటర్ల బకెట్ ఒకటి, రెండు కోట్లూ దానితోనే అయిపోయాయన్నారు. 920 చదరపు అడుగులంటే 85 చదరపు మీటర్లకు పైన. పది లీటర్లు దాని మీద పరిస్తే తడి మందం 117 మైక్రాన్లు. ఆరాక అందులో దాదాపు నలభై శాతం మిగిలిందనుకుంటే 47 మైక్రాన్లు. ప్రింటర్‌లో పెట్టే ఏ4 కాగితం మందం 100 మైక్రాన్ల దాకా ఉంటుంది. అంటే ఆ గోడ మీద ఉన్నది సగం కాగితం. అంత పలుచటి పొర ఏ పగులునూ దాటలేదు. పాచిని ఆపే మందు కూడా ఆ పొరలోనే ఉంటుంది, పొర సగమైతే మందూ సగమే. కంపెనీ మంచిదే, తప్పు పది లీటర్లను రెండు కోట్లకు సాగదీయడానికి బకెట్లో పోసిన నీళ్లది.

ఈసారి ఎలాస్టోమెరిక్ కోటింగ్ ఎంచుకున్నాం. రబ్బరులా సాగే అక్రిలిక్ అది. రెండు కోట్లకూ కలిపి లీటరుకు 35 చదరపు అడుగుల లెక్కన 26 లీటర్లు కావాలి. తడి మందం 300 మైక్రాన్ల పైన, ఆరాక సుమారు 150. ఒకటిన్నర కాగితం. కాంట్రాక్టు మాట్లాడినప్పుడే చెప్పాను, ఖాళీ డబ్బాలు అక్కడే పెడతాను, మీరు లెక్క చూసుకోండి అని. పైకి తీసుకెళ్లే ప్రతి బకెట్‌కు కొలత గ్లాసుతో నీళ్లు మా మేస్త్రీయే కలిపాడు. మొదటి కోటుకు డబ్బా మీద రాసినంత, రెండోదానికి అంతకన్నా తక్కువ. అడుగున ఎక్స్‌టీరియర్ ప్రైమర్ ఒక కోటు, పది లీటర్లు పట్టింది. పని అయ్యేసరికి కోటింగ్ 27 లీటర్లు అయింది. పాత గోడ గరుకుగా ఉంటే అంత తేడా వస్తుంది.

తూర్పు, దక్షిణం, పడమర గోడలకు మాత్రం మామూలు ఎక్స్‌టీరియర్ ఎమల్షన్ వేశాం. సార్ అన్నిటికీ ఆ సాగే కోటింగే వేయమన్నారు, నేను వద్దన్నాను. సాగే పొర కొంచెం మెత్తగా ఉంటుంది, దుమ్మును పట్టుకుంటుంది. రోడ్డు వైపు గోడకు అది వేస్తే ఏడాదికే మాసినట్టు కనిపిస్తుంది. అక్కడ పగుళ్లు కూడా పెద్దగా లేవు.

ఇక నా తప్పు ఒకటి. డిసెంబర్ రెండో వారంలో రెండో కోటు సాయంత్రం ఐదున్నర దాకా లాగించాను, పరంజా మర్నాడు విప్పేద్దామని. రాత్రి మంచు కురిసింది. పొద్దున చూస్తే చివరగా వేసిన భాగంలో జిగురు కారినట్టు మెరిసే గోధుమ రంగు చారలు. సార్‌కు టెన్షన్, 'మళ్లీ పాచా' అని. అది పాచి కాదు. ఆరని పెయింట్ మీద మంచు పడితే అందులోని సబ్బులాంటి పదార్థాలు పైకి తేలి కారతాయి. మూడు రోజులు ఆగి, మంచి నీళ్లతో మెత్తటి బట్ట పెట్టి కడిగితే పోయింది. చలికాలంలో మూడున్నరకే బ్రష్ దింపాలని తెలిసి కూడా తొందరపడ్డాను. పరంజా అద్దె ఇంకో మూడు రోజులు నా జేబులోంచే పోయింది.

తర్వాతి వానాకాలం అయిపోయాక అక్టోబర్‌లో వెళ్లి చూశాను. పిట్టగోడ కింద చారలు లేవు, సజ్జల మూలలు శుభ్రంగా ఉన్నాయి. బీమ్ గీత మీద వేలుతో తడిమితే జాలీ అంచు తగిలింది గానీ పగులు లేదు. బాత్రూమ్ ముక్క మీద బుడగలు లేవు. నేల దగ్గర రెండడుగుల పట్టీలో మాత్రం నాలుగు చోట్ల లేత పచ్చదనం మళ్లీ మొదలైంది. సందులో నేల మట్టిది, వాన చినుకు దాని మీద పడి గోడకు చిమ్ముతోంది. ఆ సందులో అడుగు వెడల్పున కంకర పరచమని మొదటి కొటేషన్‌లోనే రాశాను, అది ఒక్కటే సార్ కొట్టేశారు. ఆ పచ్చటి చోట హైపో స్ప్రే కొట్టి కడిగాం. మర్నాడు ఒక ట్రాలీ కంకర వచ్చింది.